దెజొలే, కామీయ్!

నవంబరులో ఒక శనివారం. పన్నెండున్నర కావస్తోంది. కుక్కర్ మూడో విజిల్ వేస్తుండగా ఫోన్ మోగింది. చేసింది నా పాత విద్యార్థిని, ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం నుంచి. చలికాలంలో వాళ్లకూ మనకూ నాలుగున్నర గంటల తేడా కాబట్టి అక్కడ ఉదయం ఎనిమిదన్నమాట. శనివారం పూట ఎనిమిదింటికి లేచే రకం కాదు ఆ పిల్ల. ఏదో అయిందనుకున్నాను.

"మేడం, నిన్న రాత్రి ఫ్రెండ్ వాళ్లింటికి డిన్నర్‌కి పిలిచింది. వెళ్లలేదు. వెళ్లడం లేదని చెప్పనూ లేదు. ఇప్పుడేం రాయాలో తెలియట్లేదు."

జరిగింది ఇదీ. పిలిచిన అమ్మాయిని కామీయ్ అనుకుందాం, అసలు పేరు మనకెందుకు. మొత్తం ఆరుగురు, రాత్రి ఎనిమిదింటికి. మా పిల్ల శాకాహారి అని కామీయ్ గుర్తుపెట్టుకుని తనకోసం విడిగా బంగాళాదుంప గ్రతాఁ చేస్తున్నానని ముందురోజే చెప్పింది. పలుచగా తరిగిన బంగాళాదుంప ముక్కల్ని పాలూ మీగడా పోసి ఓవెన్‌లో నెమ్మదిగా ఉడికించే వంట అది. గంటకు పైనే పడుతుంది. మా పిల్ల ల్యాబ్ నుంచి ఆరున్నరకు గదికి వచ్చి, "ఐదు నిమిషాలు నడుం వాలుద్దాం" అనుకుంది. మెలకువ వచ్చేసరికి రాత్రి పదకొండు. సైలెంట్‌లో ఉన్న ఫోన్‌లో రెండు మిస్డ్ కాల్స్, ఒక మెసేజ్ ఉన్నాయి. "నువ్వు రాకుండానే మొదలుపెడుతున్నాం, అంతా బాగానే ఉందా?" అని. సిగ్గుతో ఫోన్ తిరగేసి పెట్టి మళ్లీ పడుకుంది.

"పదకొండింటికి చూసి కూడా ఏమీ రాయలేదా?" అన్నాను.

"లేదు మేడం."

అసలు సమస్య అక్కడుంది. పడుకుండిపోవడంలో కాదు.

మనిళ్లలో భోజనానికి పిలిచినవాళ్లు రాకపోతే నిష్ఠూరం ఉంటుంది కానీ వంట ఆగదు. ఒకరు తగ్గితే మిగిలింది రేపటికి పులిహోరో పెరుగన్నమో అవుతుంది. ఇద్దరు ఎక్కువైతే ఎసట్లో ఇంకో గ్లాసు బియ్యం పడుతుంది. గిన్నె కొలత సాగుతుంది. ఫ్రెంచ్ ఇంటి దీనే, అంటే రాత్రి భోజనం, అలా సాగదు. ఆరుగురని పిలిస్తే బల్లమీద ఆరు పళ్లేలు, ఆరు కుర్చీలు, ఎవరి పక్కన ఎవరని ఆలోచన. మాంసం ముక్కలైనా చిన్న గిన్నెల్లో డిజర్టైనా లెక్క ప్రకారమే ఉంటాయి. ముందు అపెరితీఫ్ అని చిన్న తాగుడూ చిరుతిండీ, తర్వాతే అందరూ కలిసి బల్ల దగ్గరికి. పిలిచిన టైముకు పావుగంట ఆలస్యంగా వెళ్లడం అక్కడ మర్యాదే, ఇంటావిడకు ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుందని. ఆ పావుగంట దాటి, అరగంటై, ముప్పావుగంటైతే ఎవరూ కూర్చోలేరు, ఎవరూ లేవలేరు. ఓవెన్‌లో వంట ఎండిపోతుంటుంది. అంటే రాని ఒక్క మనిషి మిగతా అయిదుగురినీ ఆపేసిందన్నమాట.

అందుకే ఫ్రెంచ్‌లో ఈ తప్పుకు ఆయువుపట్టు "రాకపోవడం" అనే మాట కాదు, "ప్రెవెనీర్" అనే క్రియ. ముందుగా తెలియజేయడం అని అర్థం. రాలేనని సాయంత్రం ఏడింటికి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఒక పళ్లెం తీసేసి హాయిగా కూర్చునేవాళ్లు. క్షమాపణ ఎంత చక్కగా రాసినా, చెప్పకుండా ఉండిపోయిన సంగతిని తాకకపోతే అది చదివినవాళ్లకు తప్పించుకున్నట్టే కనిపిస్తుంది.

ఇంతలో ఆ పిల్ల అప్పటికే రాసిపెట్టుకున్నదాన్ని నాకు పంపింది. డెల్ఫ్ బీ వన్ పరీక్ష మంచి మార్కులతో పాసైన అమ్మాయి. వ్యాకరణం నేనే నేర్పాను. చదివి తల పట్టుకున్నాను.

```
Bonjour Camille,
Je vous présente mes sincères excuses
pour mon absence au dîner d'hier nuit.
Je regrette ce désagrément.
Cordialement
```

తెలుగులో దీని వరస ఇలా ఉంటుంది: "నమస్కారం కామీయ్ గారూ, నిన్నరాత్రి విందుకు గైర్హాజరైనందుకు మీకు నా హృదయపూర్వక క్షమాపణలు సమర్పించుకుంటున్నాను. ఈ అసౌకర్యానికి చింతిస్తున్నాను. భవదీయురాలు." పక్క గదిలో ఉండే స్నేహితురాలు మనకిలా రాస్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత "దీనికి కోపం వచ్చిందా ఏంటి" అన్న అనుమానం వస్తుంది. కామీయ్‌కూ అంతే అవుతుంది.

అన్నింటికంటే ముందు "వూ". ఫ్రెంచ్‌లో నువ్వుకు త్యూ, మీరుకు వూ. ఇక్కడ మన తెలుగు బుర్ర మనల్నే మోసం చేస్తుంది. తప్పు చేశాం కాబట్టి కాస్త తగ్గి, గౌరవం పెంచి మాట్లాడదామని మనకు అనిపిస్తుంది. అక్కడ ఒకసారి త్యూ అనుకోవడం మొదలయ్యాక మళ్లీ వూకి వెళ్లడమంటే గౌరవం పెరగడం కాదు, తలుపు వేసుకోవడం. దెబ్బలాడుకున్న స్నేహితులు అలా చేస్తారు. మూడు నెలలుగా త్యూ అంటున్న మనిషికి తెల్లారేసరికి వూ అని రాస్తే అది క్షమాపణలా ఉండదు.

"దెజాగ్రెమాఁ" అంటే అసౌకర్యం. ఫ్రాన్స్‌లో రైలు ఆలస్యమైతే మైకులో వినిపించే క్షమాపణల కుటుంబానికి చెందిన మాట ఇది. మన స్టేషన్లలో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నట్టే, ఎవరూ ఎవరికీ చెప్పని క్షమాపణ. చివర "కోర్దియాల్మాఁ" ఆఫీసు మెయిళ్ల కింద పెట్టే ముద్ర. మాటకు అర్థం "హృదయపూర్వకంగా" అనే అయినా వాడివాడి అందులో హృదయం అరిగిపోయింది.

ఇక "యేర్ న్వీ". నిన్న రాత్రి అన్న మన మాటను ఉన్నదున్నట్టు పెట్టేసింది. మనకు రాత్రి అన్నది దీపాలు పెట్టిన కాసేపటికే మొదలై తెల్లారేదాకా ఉంటుంది. ఫ్రెంచ్‌వాళ్లకు న్వీ అంటే నిద్రపోయే రాత్రి. భోజనాలు, కబుర్లు, సినిమాలు అన్నీ స్వార్‌లో జరుగుతాయి. అందుకని ఎనిమిదింటికి మొదలై అర్ధరాత్రి దాకా సాగినా ఆ భోజనం "యేర్ స్వార్" భోజనమే. ఏళ్లతరబడి తరగతుల్లో దిద్దిన తప్పిది. ఆ పూట మళ్లీ దిద్దాను.

ఇవన్నీ చెప్పాక "సరే మేడం, ఫ్రెండ్లీగా రాస్తా" అని రెండు నిమిషాల్లో ఇంకోటి పంపింది.

```
slt dsl pr hier, j'étais fatiguée 😅 bisous
```

ఈసారి ఆ గట్టు మీంచి ఈ గట్టుకు దూకింది. ఇవి ఫోన్‌లో కుర్రకారు వాడే పొట్టి రాతలు. "సల్యూ"లో అచ్చులు పోయి slt, "దెజొలే"లో పోయి dsl. బస్సు తప్పిపోయి పది నిమిషాలు ఆలస్యంగా వస్తున్నామని చెప్పడానికి dsl సరిపోతుంది. గంట నిలబడి గ్రతాఁ చేసిన మనిషికి మూడక్షరాల క్షమాపణ పంపితే, పూర్తిగా రాయడానికి కూడా బద్ధకమేసిందని చెప్పినట్టు. "అలసిపోయాను" అన్న కారణం నిజమే కానీ, మిగతా అయిదుగురూ శుక్రవారం సాయంత్రం అలసిపోయే వచ్చారు కదా. ఆ నవ్వుమొహం బొమ్మ సంగతి సరేసరి.

నిజానికి కామీయ్‌కి పంపాల్సింది ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంది. అక్కడికి చేరాలంటే ముందు సారీ మాటల బరువు తెలియాలి. మనం ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న ఒక్క "సారీ"తో కాలు తొక్కిన దగ్గర్నుంచి పెళ్లికి వెళ్లకపోవడం దాకా అన్నీ నెట్టుకొస్తాం. ఫ్రెంచ్‌లో మెట్లున్నాయి. మెట్రోలో ఎవరికైనా భుజం తగిలితే "పర్దోఁ". పక్కవాళ్లను పిలవడానికో, చిన్న పొరపాటుకో "ఎక్స్‌క్యూజ్ మ్వా". అదే పర్దోఁను "జ్ త్ దెమాంద్ పర్దోఁ" అని పూర్తి వాక్యం చేశారంటే మాత్రం బరువు ఒక్కసారిగా పెరిగిపోతుంది. నమ్మకద్రోహం లాంటిదేదో జరిగినప్పుడు కళ్లలో నీళ్లతో అనే మాట అది. భోజనం తప్పినందుకు వాడితే అవతలివాళ్లు కంగారుపడతారు.

"జ్ మెక్స్‌క్యూజ్" అని ఇంకోటుంది. అందరూ వాడతారు, నిఘంటువుల్లోనూ ఉంది. కానీ పాతకాలపు పంతుళ్లకు అదంటే చిరాకు. అక్షరార్థం చూస్తే "నన్ను నేనే క్షమించుకుంటున్నాను" అని వస్తుంది కదా, క్షమించాల్సింది అవతలివాళ్లయితే నువ్వే ఇచ్చేసుకుంటే ఎలా అని వాళ్ల వాదన. నా మటుకు నాకు ఆ వాదన కాస్త అతిగానే తోస్తుంది. అయినా కామీయ్ వాళ్లమ్మ ఫ్రెంచ్ టీచరేమో ఎవరికి తెలుసు, దారిలో గొయ్యి ఉందని తెలిశాక పక్కనుంచి నడవడమే మేలు.

మిగిలింది "జ్ స్వీ దెజొలే". స్నేహితుల మధ్య, ఈ పాటి తప్పుకు, సరిగ్గా అమరే మాట ఇదే. దీని పుట్టుక లాటిన్‌లో, ఒంటరిగా వదిలేయడం, పాడుపెట్టడం అన్న అర్థంలో ఉంది. ఇప్పటికీ మనుషుల్లేని బీడు భూమిని ఫ్రెంచ్‌లో ఇదే మాటతో వర్ణిస్తారు. నా మనసు అలా అయిందని చెప్పడమన్నమాట, కాకపోతే రోజువారీ వాడకంలో ఆ విషాదం ఎవరికీ గుర్తుండదు. అందుకే దానిముందు "వ్రేమాఁ", అంటే నిజంగా, అని చేరిస్తే కొంచెం ప్రాణం వస్తుంది. "వ్రేమాఁ" ఒక్కటి చాలు. ఇంకా నాలుగు విశేషణాలు తగిలిస్తే నాటకంలా ఉంటుంది.

రాతలో ఒక చిక్కుంది. మగవాడు రాస్తే désolé, ఆడపిల్ల రాస్తే désolée. పలికితే రెండూ ఒకటే, తేడా చివరి అక్షరంలోనే. నోటితో ఎన్నేళ్లు మాట్లాడినా బయటపడని తప్పు ఫోన్ తెరమీద ఠక్కున బయటపడుతుంది. మా పిల్లకు రెండు e లు కావాలి.

ఇప్పుడు కారణం. ఇక్కడ తెలుగు మనకో మంచి ముసుగు ఇస్తుంది: "రాలేకపోయాను". రాలేదు అనడంలో నా నిర్ణయం ఉంది, రాలేకపోయాను అనడంలో ఏదో అడ్డొచ్చింది, నా చేతిలో లేదు. ఫ్రెంచ్‌లోనూ దానికి సరిజోడు ఉంది, "జ్ నే పా ప్యూ వెనీర్". జ్వరమొచ్చినా, రైళ్లు ఆగిపోయినా అదే రాయాలి. నిద్రపోయినవాళ్లు రాస్తే మాత్రం అబద్ధమవుతుంది. పైగా కామీయ్ వెంటనే "ఏమైంది?" అని అడుగుతుంది, ఆ జవాబులో అసలు సంగతి రాక తప్పదు. మర్చిపోతే మర్చిపోయాననీ, పడుకుంటే పడుకున్నాననీ రాయడమే దగ్గరి దారి.

మర్చిపోయినవాళ్ల కోసం ఫ్రెంచ్‌వాళ్ల దగ్గర ఒక సరదా నుడికారం ఉంది. ఎవరినైనా రమ్మని చెప్పి, వస్తానని చెప్పి, వెళ్లకుండా ఎగ్గొడితే "కుందేలును పెట్టాడు" అంటారు, "పొజే అఁ లపాఁ". పందొమ్మిదో శతాబ్దపు చివర్లో ఆ మాటకు ఇంకాస్త అల్లరి అర్థం ఉండేది. సొమ్ము ఇస్తానని ఆశపెట్టి ఆడమనిషికి ఇవ్వకుండా జారుకోవడమట. ఇప్పుడు ఆ వాసన పోయి మామూలు ఎగవేతకు మిగిలింది. మా పిల్ల ఎక్కడో విని, "మేడం, కుందేలు పెట్టేశానని రాస్తే క్యూట్‌గా ఉంటుంది కదా" అంది. వద్దన్నాను. మూడు నెలల స్నేహం. ఆ జోకు వేసే హక్కు ముందు కామీయ్‌ది. ఆమె "ఏమ్మా, మాకు కుందేలు పెట్టావే" అంటే అప్పుడు నవ్వొచ్చు.

ఇంకొక మాట కూడా వద్దన్నాను. "నువ్వు ఎదురుచూసి ఉంటే సారీ." ఈ "ఉంటే" అనేది ఏ భాషలోనైనా క్షమాపణను చంపేస్తుంది. ఆమె ఎదురుచూసిందని రెండు మిస్డ్ కాల్స్ చెబుతూనే ఉన్నాయి.

ఇక కూర్చుని రాశాం. ఆమె అక్కడ, నేను ఇక్కడ, పొయ్యి మీద పప్పు.

మొదటి మాట క్షమాపణ కాకూడదన్నాను. రాత్రి కామీయ్ అడిగింది "ఎందుకు రాలేదు?" అని కాదు, "అంతా బాగానే ఉందా?" అని. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న ఆడపిల్ల ఫోనెత్తకపోతే కోపంకంటే ముందు భయం వేస్తుంది. ఆ ప్రశ్నకు రాత్రంతా జవాబు లేదు. అందుకని ముందు "నేను బాగున్నాను, కంగారుపడకు". ఆ తర్వాతే మిగతాది. గంటసేపు అటూ ఇటూ చేశాక తేలింది ఇదీ:

```
Coucou Camille, je vais bien, rassure-toi.
Je suis vraiment désolée pour hier soir. Je me suis
endormie en rentrant, et quand je me suis réveillée
à 23 h, je n'ai pas osé t'écrire. J'aurais dû.
Tu avais fait un gratin exprès pour moi et je t'ai
fait attendre, je m'en veux. Tu es libre samedi
prochain ? Je t'invite. Je t'embrasse
```

అటూ ఇటూగా అరవై మాటలు. తెలుగులో దాని గొంతు ఇంచుమించు ఇలా ఉంటుంది: "కామీయ్, నేను బాగానే ఉన్నానే, కంగారుపడకు. నిన్న రాత్రి సంగతికి నిజంగా సారీ. రాగానే నిద్రపోయాను, పదకొండింటికి మెలకువ వచ్చాక నీకు రాయడానికి మొహం చెల్లలేదు. రాయాల్సింది. నువ్వు పనిగట్టుకుని నాకోసం గ్రతాఁ చేస్తే నిన్ను కూర్చోబెట్టాను, నామీద నాకే కోపంగా ఉంది. వచ్చే శనివారం ఖాళీయేనా? నేను తీసుకెళ్తా."

మొదట్లో ఉన్న "కూకూ" నిజానికి పిట్ట కూత. దగ్గరివాళ్లను పలకరించడానికి వాడతారు, ముఖ్యంగా ఆడపిల్లలు. మగపిల్లలు మగపిల్లలకు రాసుకుంటే ఎక్కువగా "సల్యూ" అంటారు. "బోంజూర్" తప్పేం కాదు గానీ స్నేహితుల మెసేజ్‌లో కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది.

ఈ మెసేజ్ మొత్తానికి గుండెకాయ "జొరే ద్యూ" అన్న రెండు మాటల వాక్యం. "రాయాల్సింది" అని. తెలుగులో చివరి "ఇంది" ఎంత పని చేస్తుందో అక్కడ ఆ కాలం అంత పని చేస్తుంది. చేయాల్సి ఉండీ చేయలేదని, ఇంకెవరో అనకముందే తనే ఒప్పుకోవడం. మా పిల్ల దానికి "కానీ చాలా సిగ్గేసింది" అని తోక తగిలించబోయింది. తీసేయించాను. ఒప్పుకున్నాక "కానీ" వస్తే ఒప్పుకోలు వెనక్కి పోతుంది. ఇందులోనూ రాతలో ఒక గుచ్చుముల్లు ఉంది: dû లోని u మీద ఆ చిన్న గొడుగు. గొడుగు లేకపోతే అది ఇంకో మాట, "కొంత పాలు, కొంత వెన్న" అనేటప్పుడు ముందు వచ్చే "కొంత". ఫోన్‌లో u మీద వేలు నొక్కి పట్టుకుంటే గొడుగున్న అక్షరం పైకొస్తుంది.

గ్రతాఁ ప్రస్తావన ఎందుకంటే, "నీ వంట వృథా అయింది" అని సాధారణంగా అంటే ఎవరికైనా అనొచ్చు. "నాకోసం పనిగట్టుకుని" అన్నప్పుడు, నువ్వు చేసింది నేను గమనించాను అని అర్థమవుతుంది. అక్కడితో ఆగాలి. "వృథా అయిందా? పారేశారా?" అని అడిగితే ఆమె పుండు ఆమెతోనే కెలికించినట్టు.

తర్వాతి ముక్క "జ్ మాఁ వ". దాని గురించి కాసేపు ఆగుదాం, ఎందుకంటే మా పిల్ల ఇక్కడ రాయాలనుకున్నది వేరు. "ఏమీ అనుకోకు" అని రాస్తానంది. తెలుగులో క్షమాపణ అంటే నిజానికి అదే కదా. "క్షమించు" అన్నది పుస్తకాల్లోనూ సినిమాల్లోనూ ఉంటుంది. మనుషులు అనేది "ఏమీ అనుకోకే" అని. దాన్ని మాటకు మాట ఫ్రెంచ్‌లోకి మార్చిందనుకోండి, "ఏమీ ఆలోచించకు" అని వస్తుంది. కామీయ్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

కానీ ఆ భావానికి ఫ్రెంచ్‌లో చక్కని తోబుట్టువు ఉంది. ఎవరిమీదైనా మనసులో పెట్టుకోవడాన్ని "ఆఁ వూలువార్" అంటారు. "న మాఁ వ పా" అంటే "నామీద మనసులో పెట్టుకోకు", మన ఏమీ అనుకోకుకు అంగుళం దూరంలో ఉంటుంది. అదే క్రియను తనవైపు తిప్పుకుంటే "జ్ మాఁ వ", నామీద నేనే మనసులో పెట్టుకున్నాను, నన్ను నేనే తిట్టుకుంటున్నాను అని. మొదటిది వాడితే అవతలివాళ్లను ఒక పని చేయమని అడుగుతున్నాం, కోపం వదిలేయమని. రెండోది వాడితే ఏమీ అడగడం లేదు. రాత్రి మొత్తం ఎదురుచూసిన మనిషికి పొద్దున్నే ఇంకో పని అప్పజెప్పడం నాకు నచ్చలేదు. అందుకే రెండోదాన్ని ఉంచాం.

చివరి భాగంలో "జ్ తాన్‌వీత్". నిన్ను పిలుస్తున్నాను అని. ఫ్రెంచ్‌లో హోటలు మాటల్లో ఈ క్రియ వస్తే బిల్లు నాదేనని అర్థం. "ఓసారి కలిసి తిందాం" అని రాసి ఉంటే ఎవరి డబ్బులు వాళ్లవి. విద్యార్థి జీతభత్యాలతో బతికే పిల్ల కాబట్టి, ఆ మాటకు వెల ఉందని ముందే చెప్పాను. పరవాలేదంది. శనివారం అని రోజు పెట్టింది కూడా కావాలనే. "ఎప్పుడైనా" అంటే ఆ ఎప్పుడైనా రాదు, మనకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ప్రశ్న గుర్తుకు ముందు ఖాళీ వదిలారేమిటని మీరు గమనించే ఉంటారు. ఫ్రాన్స్‌లో ప్రశ్న గుర్తు, ఆశ్చర్యార్థకం ముందు అలా చిన్న జాగా వదలడం పద్ధతి.

"జ్ తాంబ్రాస్" అంటే "నీకు ముద్దు". బెదిరిపోనక్కర్లేదు, ప్రేమలేఖ కాదు. మాట పుట్టుకలో చేతులున్నాయి, అంటే అసలు అర్థం కౌగిలించుకోవడం. స్నేహితులు, అక్కచెల్లెళ్లు, పిన్నులు, బాబాయిలు అందరూ ఉత్తరాల చివర రాస్తారు. మన అబ్బాయిలకు ఇది రాయాలంటే చెయ్యి వణుకుతుంది. అలాంటప్పుడు "ఆ త్రే వీత్", తొందర్లో కలుద్దాం, అని ముగించినా లోటు లేదు.

పంపేముందు మా పిల్ల ఇంకో ఆలోచన చెప్పింది. సాయంత్రం పూలు తీసుకుని కామీయ్ ఇంటికి వెళ్లొస్తుందట. కింద పూలకొట్టు నిండా పెద్దపెద్ద చామంతులు, పసుపూ తెలుపూ, కుండీలతో సహా ఉన్నాయట, చవగ్గా. నేను కేక వేసినంత పని చేశాను. నవంబరు ఒకటిన ఫ్రాన్స్‌లో తూసాఁ పండుగ, ఆ రోజుల్లో చామంతులు కొనేది సమాధుల మీద పెట్టడానికి. మనింట్లో దేవుడి పటానికి వేసే పువ్వు అక్కడ పోయినవాళ్ల పువ్వు. క్షమాపణకు వెళ్తూ చామంతి కుండీ పట్టుకెళ్తే కామీయ్ ఏమనుకునేదో. పూలు కావాలంటే వేరేవి చూడమన్నాను. మెసేజ్ బాగుంటే పూలు అక్కర్లేదని కూడా అన్నాను.

ఇదే మెసేజ్ అందరికీ అతకదు. పిలిచింది ప్రొఫెసరో, ఇంటి యజమానురాలో అయితే మొత్తం వూలోకి మారాలి, దెజొలే బదులు "మన్నించమని వేడుకుంటున్నాను" అనే పెద్ద వాక్యం రావాలి, చివర్న ముద్దులు పోవాలి. అలాంటివాళ్లకు మెసేజ్‌కంటే ఫోన్ చేయడమే బాగుంటుంది. బెల్జియంలోనో, స్విట్జర్లాండ్‌లోనో, కెనడాలోని క్యుబెక్‌లోనో ఉన్న మన పిల్లలు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ చాలామందికి దీనే అంటే మధ్యాహ్న భోజనం, రాత్రిది సూపే. "నీ దీనేకి రాలేకపోయాను" అని రాస్తే, "మధ్యాహ్నం నిన్నెవరు పిలిచారు?" అని అడిగే ప్రమాదం ఉంది. మా పిల్ల మెసేజ్‌లో ఆ మాటే లేదు చూడండి. "యేర్ స్వార్" అంటే చాలు, ఏ భోజనమో ఇద్దరికీ తెలుసు.

రాత్రి పదకొండింటికే రాసి ఉంటే ఇంత తతంగం లేకపోయేది. ఆ వేళకు వాళ్లింకా చీజ్ దగ్గరో డిజర్ట్ దగ్గరో ఉండి ఉంటారు, ఫ్రెంచ్ భోజనాలు అర్ధరాత్రికి ముందు లేవవు. "ఇప్పుడే మెలకువ వచ్చింది, నిద్రపోయాను, చాలా సారీ, రేపు ఫోన్ చేస్తా" అని ఒక్క వరస పంపితే బల్ల దగ్గర అందరూ నవ్వుకుని ఊరుకునేవాళ్లు. ఆ మాట చెబితే, "అప్పుడు మీరు నిద్రపోతుంటారు కదా మేడం, ఎవరు దిద్దుతారు?" అంది. తప్పులుంటే ఏం, సగం నిద్రలో రాసినట్టే ఉండేది, ఇంకా నమ్మేవాళ్లు.

తొమ్మిదిన్నరకు, వాళ్ల టైములో, పంపింది. నేను పప్పుకు తాలింపు పెట్టుకున్నాను. నలభై నిమిషాల తర్వాత కామీయ్ జవాబును ఫోటో తీసి నాకు పంపింది.

```
Ouf, tu m'as fait peur ! T'inquiète, ça arrive.
Mais la prochaine fois, préviens-moi !
Ok pour samedi. Ton gratin est au frigo 😘
```

ఊఫ్, భయపెట్టేశావ్! పర్లేదులే, అవుతుంటాయి. కానీ ఈసారి ముందే చెప్పు. ప్రెవెనీర్ అన్న క్రియ అక్కడ ఉంది చూడండి, అనుకున్నట్టే. శనివారానికి ఓకే. నీ గ్రతాఁ ఫ్రిజ్‌లో ఉంది.

"ఇప్పుడు వెళ్లి తెచ్చుకోవచ్చా మేడం, లేక శనివారం దాకా ఆగాలా?" అని అడిగింది మా పిల్ల. బంగాళాదుంప, మీగడ, వారం ఆగవు. ఇప్పుడే వెళ్లమన్నాను.